3 శాతం ఛార్జింగ్, 20 నిమిషాల టైమ్: ఏ ప్లగ్గులో పెట్టాలి?

కర్నూలు బస్సు 4:40కి. మా షాపు నుంచి బస్టాండుకు నడిస్తే ఐదు నిమిషాలు. ఆ అబ్బాయి మా కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి గోడ గడియారంలో 4:10 అయింది, చేతిలోని ఫోన్‌లో 3 శాతం ఉంది. టికెట్ ఫోన్‌లోనే, డబ్బులు ఫోన్‌లోనే, రాత్రి కర్నూల్లో దిగాక ఎవరింటికి వెళ్లాలో ఆ మామ నంబరూ ఫోన్‌లోనే.

"అన్నా, అరగంట నుంచి ఛార్జింగ్‌లోనే పెట్టినా. పెట్టేటప్పుడు 4 ఉండె, తీసేటప్పటికి 3 అయింది. బ్యాటరీ పోయినట్టుంది, మార్చాలంటే ఎంతవుతుంది?" అన్నాడు.

ప్రొద్దుటూరులో 12 ఏళ్లుగా సెల్ రిపేరు చేస్తున్నాను. ఈ మాట వినని వారం ఉండదు. వచ్చినవాళ్లలో చాలామంది బ్యాటరీకి ఏ జబ్బూ ఉండదు. ఎక్కడ పెట్టావని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. ఈ అబ్బాయి పక్కనున్న జిరాక్స్ షాపులో, కంప్యూటర్ సీపీయూకి కేబుల్ గుచ్చి పెట్టాడు. ఆ అరగంటా సర్టిఫికెట్లు పంపిస్తూ, హాట్‌స్పాట్ ఆన్ చేసి, స్క్రీన్ వెలుతురు మొత్తం పెంచుకుని కూర్చున్నాడు.

కంప్యూటర్‌కి ఉండే మామూలు యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్. రెండూ గుణిస్తే రెండున్నర వాట్లు. కొత్త రకం నీలం రంగు రంధ్రమైతే నాలుగున్నర. అందులోనూ కేబుల్లో, ఫోన్ లోపలి ఛార్జింగ్ చిప్పులో కొంత వేడిగా పోతుంది. మరో పక్క పూర్తి వెలుతురులో స్క్రీన్, దానికి తోడు హాట్‌స్పాట్ కలిస్తే ఫోన్ రెండు, రెండున్నర వాట్లు తాగేస్తుంది. చిల్లు బిందెలో చెంబుతో నీళ్లు పోసినట్టే. అరగంటలో ఒక శాతం తగ్గిందంటే బ్యాటరీ తప్పు కాదు, లెక్క సరిగ్గా అంతే వస్తుంది.

టైమ్ తక్కువగా ఉన్నప్పుడు ఫ్లైట్ మోడ్ పెట్టు, స్విచాఫ్ చెయ్యి అనే చిట్కాలే అందరికీ మొదట గుర్తొస్తాయి. అవి రెండో వరుసవి. మొదటిది, దాదాపు అంతా తేల్చేసేది, ఎన్ని వాట్లు లోపలికి వస్తున్నాయన్నదే.

ఈ లెక్క ఒక్కసారి చేసి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఇప్పుడు చాలా ఫోన్లలో ఉండే 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 19 వాట్ అవర్లు. అంటే 19 వాట్లు గంటసేపు ఏ నష్టమూ లేకుండా ఎక్కితే ఖాళీ బ్యాటరీ నిండుతుంది. మన చేతిలో ఉన్నది 20 నిమిషాలు, గంటలో మూడో వంతు. దారిలో నూటికి 15 వంతులు వేడిగా పోతాయనుకుందాం. కంప్యూటర్ రంధ్రంలో పెడితే 20 నిమిషాలకు ఎక్కేది 4 శాతం లోపు. పాత ఫోన్లతో వచ్చిన 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్, అంటే 10 వాట్లది అయితే 15 శాతం. ఫోన్‌తో వచ్చిన 33 వాట్ల చార్జర్ అయితే, అది 20 నిమిషాలూ 33 దగ్గరే నిలబడదు కాబట్టి సగటున 25 వాట్లు వేసుకున్నా 37 శాతం. ఫోన్ ఒకటే, టైమ్ ఒకటే. ఒకచోట 4, ఇంకోచోట 37.

ఇప్పుడు ఫ్లైట్ మోడ్ సంగతి చూడండి. స్క్రీన్ ఆపేసి పక్కన పెట్టిన ఫోన్‌లో టవర్ కోసం, వెనక నడిచే వాట్సాప్ లాంటివాటి కోసం అర వాటు ఖర్చవుతోందనుకుందాం. 20 నిమిషాల్లో ఫ్లైట్ మోడ్ మిగిల్చేది ఒక శాతం లోపే. 37 శాతం ఎక్కే చోట దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 4 శాతం ఎక్కే చోట మాత్రం అది నాలుగో వంతు. చార్జర్ ఎంత బలహీనంగా ఉంటే ఫ్లైట్ మోడ్‌కి అంత విలువ. టవర్ సరిగ్గా అందని చోట కూడా పెట్టడం మేలు, సిగ్నల్ వెతుక్కుంటూ ఫోన్ మామూలు కంటే ఎక్కువ ఖర్చు పెడుతుంది. స్క్రీన్ మాత్రం ఏ చార్జర్ అయినా ఆపాల్సిందే. అది తినే కరెంటు ఒక కారణం. రెండోది, స్క్రీన్ వెలుగుతుంటే వేడి పెరగకుండా చాలా ఫోన్లు ఛార్జింగ్ వేగాన్ని వాటంతట అవే తగ్గించుకుంటాయి.

స్విచాఫ్ చేసి పెడితే ఇంకా వేగంగా ఎక్కుతుందని చాలామంది నమ్మకం. ఫ్లైట్ మోడ్‌లో స్క్రీన్ ఆపి ఉన్న ఫోన్‌కీ, స్విచాఫ్ చేసిన ఫోన్‌కీ ఆ 20 నిమిషాల్లో తేడా చాలా స్వల్పం. మళ్లీ ఆన్ చేసేటప్పుడు ఒక నిమిషం పాటు ప్రాసెసర్ గట్టిగా పనిచేసి ఆ మిగిలినదాన్ని తినేస్తుంది. కాబట్టి ఆపకండి. దానంతట అది ఆరిపోయే దాకా కూడా రానివ్వకండి. పూర్తిగా ఆరిపోయిన ఫోన్‌కి చార్జర్ పెట్టినా, ఆన్ అవడానికి సరిపడా కొంత ఎక్కే దాకా బ్యాటరీ బొమ్మే కనిపిస్తుంది. ఆ నిమిషాల్లో టికెట్ చూపించాలన్నా కుదరదు. వారాల తరబడి బీరువాలో పడి ఉన్న ఫోన్‌ది ఇంకా కష్టం. సెల్ వోల్టేజీ మరీ పడిపోయి ఉంటే, అది కోలుకునే దాకా ఛార్జింగ్ చిప్పు కావాలనే సన్నగా కరెంటు పంపుతుంది. ఏ చార్జర్ పెట్టినా ఆ దశను తొందరపెట్టలేం.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వస్తాను. అతనిది 33 వాట్ల ఫోన్, చార్జర్ ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. కౌంటర్ మీద నా ల్యాప్‌టాప్‌ది 65 వాట్ల చార్జర్ ఉంటే, అటూ ఇటూ సీ పిన్ను ఉన్న కేబుల్‌తో దానికే పెట్టాను. అప్పుడు 4:12. 65 పెద్దది కదా, ఎగిరి ఎక్కుతుందనుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత చూస్తే 3 కాస్తా 4 అయింది, అంతే.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. చార్జర్ మీద రాసిన అంకె అది ఇవ్వగలిగిన గరిష్ఠం మాత్రమే. ఫోన్ అడగకుండా అది ఇవ్వదు. కేబుల్ గుచ్చగానే ఫోన్, చార్జర్ రెండూ లోపల మాట్లాడుకుంటాయి. నువ్వు 9 వోల్టులు ఇస్తావా, 11 ఇస్తావా, ఎన్ని ఆంపియర్లు అని ఫోన్ అడుగుతుంది. ఆ భాష ఇద్దరికీ తెలిస్తేనే పెద్ద కరెంటు మొదలవుతుంది. తెలియకపోతే ఇద్దరూ అందరికీ వచ్చిన 5 వోల్టుల దగ్గరికి దిగిపోతారు, అంటే మళ్లీ 10 వాట్లో, ఇంకా తక్కువో. యూఎస్‌బీ పీడీ అనేది అందరికీ ఉమ్మడి భాష. ఐఫోన్లు, పిక్సెల్, శాంసంగ్ ఫోన్లు అదే మాట్లాడతాయి. అందుకే వాటికి ల్యాప్‌టాప్ సీ పిన్ను చార్జర్ చాలావరకు బాగా పనికొస్తుంది. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ వాళ్లది సూపర్‌వూక్ అనే సొంత భాష. షావోమీ, వివో వాళ్లకూ సొంత పద్ధతులున్నాయి. ఆ ఫోన్లకు వేరే కంపెనీ చార్జర్ పెడితే 10 నుంచి 18 వాట్ల మధ్య ఎక్కడో ఆగిపోవడం మామూలు, పీడీ కూడా బాగా అర్థమయ్యే మోడళ్లు కొన్ని ఉన్నా సరే. కాబట్టి బస్టాండులోనో ఆసుపత్రిలోనో ఎవరినైనా చార్జర్ అడిగేటప్పుడు "మీ దగ్గర ఫాస్ట్ చార్జర్ ఉందా" అనకండి. "మీది ఏ కంపెనీ ఫోన్" అని అడగండి. మీ కంపెనీ ఫోనే ఉన్నవాళ్ల చార్జర్ దొరికితే సగం పని అయినట్టే.

మిగతా సగం కేబుల్. ఆ కంపెనీ చార్జర్‌తో పాటు దానితో వచ్చిన కేబులే తీసుకోవాలి. సొంత భాష మాట్లాడే చార్జర్లలో కొన్నింటికి కేబుల్ కూడా ప్రత్యేకంగా ఉంటుంది. అది మారితే ఫోన్‌లో ఫాస్ట్ ఛార్జింగ్ బొమ్మే రాదు. ఇక రోడ్డు మీద కొన్న పొడవాటి సన్న కేబుల్ కథ వేరు. లోపలి రాగి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. రాను పోను కలిపి 0.3 ఓమ్ అడ్డు ఉన్నా, 2 ఆంపియర్లు పారితే దారిలోనే 0.6 వోల్టు పడిపోతుంది. 5 వోల్టులు బయలుదేరి ఫోన్‌కి 4.4 చేరుతుంది. వోల్టేజీ పడిపోతోందని ఫోన్ కరెంటు తగ్గించుకుంటుంది. మా షాపులో మీటర్ పెట్టి ఎంతమందికి చూపించానో. ఒకే అడాప్టరుకు పొట్టి, లావు కేబుల్ మార్చగానే ఆంపియర్లు పెరగడం కళ్లారా చూస్తే గానీ నమ్మరు.

సరైన ప్లగ్గులో పెట్టామో లేదో తెలుసుకోవడానికి మీటర్ అక్కర్లేదు, గడియారం చాలు. పెట్టగానే శాతం చూసుకోండి, స్క్రీన్ ఆపేయండి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ అయితే, 3, 4 శాతం పెరిగిందంటే ఫాస్ట్ ఛార్జింగ్ నడుస్తోంది. ఒకటో, రెండో అయితే 10 వాట్ల దగ్గర ఉన్నారు. అసలు కదలకపోతే అక్కడ ఇంకో నిమిషం కూడా వృథా చేయకండి, ప్లగ్గు మార్చండి, లేదా కేబుల్ మార్చండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు లాక్ స్క్రీన్ కింద చెప్పేస్తాయి కూడా. "Charging rapidly" అని ఉంటే సరే. "Charging slowly" అని ఉంటే అది హెచ్చరికే. శాంసంగ్‌లో "Fast charging", "Super fast charging" అని వస్తుంది. బ్యాటరీ సెట్టింగుల్లో ఆ ఫాస్ట్ ఛార్జింగ్ బటన్‌ని ఎప్పుడో ఆపేసి మర్చిపోయినవాళ్లు కూడా నా దగ్గరికి వచ్చారు.

మన అబ్బాయి ఫోన్‌లో వట్టి "Charging" అనే ఉంది. నా డ్రాయరులో అదే కంపెనీ 33 వాట్ల చార్జర్, దాని కేబుల్ ఉన్నాయి. 4:15కి మార్చాను. లాక్ స్క్రీన్ మీద ఫాస్ట్ ఛార్జింగ్ బొమ్మ తిరగడం మొదలైంది. ఫోన్ వెనక మందపాటి రబ్బరు కవరు తీసేసి, కౌంటర్ గాజు మీద బోర్లా పెట్టి, టేబుల్ ఫ్యాన్ అటు తిప్పాను. "అన్నా, అమ్మకు ఒక్క ఫోన్ చేసుకుంటా" అన్నాడు. నా ఫోన్ ఇచ్చాను. అతని ఫోన్ ముట్టుకోనివ్వలేదు.

కవరు తీయడం, ఫ్యాన్ పెట్టడం మన సీమలో చాదస్తం కాదు. లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ సమయంలో వేడి పడదు. తమ ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ వాళ్లే చెబుతారు. మే నెలలో కడప, కర్నూలు, అనంతపురాల్లో మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది. పైగా ఫాస్ట్ ఛార్జింగ్ దానంతట అదే వేడి పుట్టిస్తుంది. బ్యాటరీ వేడి 40 దాటి 45 వైపు వెళ్తుంటే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే ఆపేస్తుంది. 33 వాట్ల చార్జర్ పెట్టి కూడా 10 వాట్ల ఫలితం వచ్చేది ఇలాంటప్పుడే. ఫోన్‌ని కిటికీ ఎండలో, బండి డాష్‌బోర్డు మీద, పరుపు మీద, దిండు కింద పెట్టకండి. నాపరాయి బండ మీద, నీడలో, ఫ్యాన్ గాలికి పెట్టండి. మన ఇళ్లలో నాపరాయికి కొదవ లేదు, అది ఫోన్ వేడిని బాగా లాగేస్తుంది. చల్లబడాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. అలా పాడైన బోర్డులు నేను విప్పి చూశాను. వైర్‌లెస్ చార్జర్ పళ్లెం కూడా ఇలాంటి సమయంలో వద్దు. అది కేబుల్ కంటే నెమ్మది, వేడి కూడా ఎక్కువ.

ఫోన్‌లో ఛార్జింగ్ అడుక్కి వచ్చిందని కంగారు పడతాం గానీ, ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడే వేగంగా ఎక్కుతుంది. డిపోలోంచి వచ్చిన ఖాళీ బస్సు ఎక్కినట్టు అనుకోండి. మొదటి ఇరవైమంది క్షణాల్లో కూర్చుంటారు. చివర్లో ఎక్కినవాళ్లు సందుల్లో దూరి సీటు వెతుక్కోవాలి. లిథియం బ్యాటరీలో కూడా మొదట చార్జర్ పూర్తి కరెంటు తోస్తుంది. సెల్ వోల్టేజీ దాని గరిష్ఠానికి చేరాక, అక్కడినుంచి కరెంటు క్రమంగా తగ్గిపోతుంది. అందుకే 5 నుంచి 45కి పట్టినంత టైములో 80 నుంచి 100కి కూడా పోదు ఒక్కోసారి. దీన్ని పనికి వాడుకోవచ్చు. రోజులో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు వీలు దొరికితే, ఆ రెండూ 50 లోపు ఉన్నప్పుడు పడేలా చూసుకోండి. ఇంట్లో ఇద్దరి ఫోన్లకు ఒకే చార్జర్ ఉంటే, ఒకదాన్ని 90 దాకా లాగకుండా 50 దగ్గర తీసి రెండోదానికి ఇవ్వండి.

పవర్ బ్యాంకు ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. దాని మీద పెద్దగా రాసే 10000, 20000 అనేవి ఎంతసేపు ఇస్తుందో చెబుతాయి, ఎంత వేగంగా ఇస్తుందో చెప్పవు. వేగం కావాలంటే వెనక సన్న అక్షరాల్లో ఉన్న అవుట్‌పుట్ వరుస చదవాలి. చాలావాటిలో పలకలాంటి పాత రంధ్రం కంటే సీ పిన్ను రంధ్రం ఎక్కువ వాట్లు ఇస్తుంది. కారులో అయితే పాటల కోసం పెట్టిన యూఎస్‌బీ రంధ్రాన్ని నమ్ముకోకండి, అది కంప్యూటర్ రంధ్రం లాంటిదే కావచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే మంచి కారు చార్జర్ దానికంటే ఎన్నో రెట్లు మేలు. బస్టాండుల్లో, హోటళ్లలో ఉండే యూఎస్‌బీ రంధ్రాల కంటే గోడ ప్లగ్గులో మీ అడాప్టర్ పెట్టుకోవడం వేగానికీ, ఫోన్‌లోని సమాచారానికీ రెండింటికీ మంచిది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఎక్కకపోతే ఫోన్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. జేబులో నూలు పోగులు, మన ఎర్రమట్టి దుమ్ము కలిసి అడుగున గట్టిగా పేరుకుంటాయి. పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, తాకినప్పుడు ఊగుతుంది, ఛార్జింగ్ వచ్చి పోతుంటుంది. ఫోన్ ఆపి, పళ్లలో పెట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా అడుగునుంచి గీకి తీయాలి. గుండుసూది, సేఫ్టీ పిన్ను వద్దు, మధ్యలో ఉండే నాలుక లాంటి భాగం గీరుకుపోతే జాక్ మొత్తం మార్చాలి. ఫోన్ వెనక మూత ఉబ్బినట్టు, స్క్రీన్ ఒక అంచున లేచినట్టు కనిపిస్తే మాత్రం ఎంత అర్జెంటైనా ఛార్జింగ్ పెట్టకండి. అది ఉబ్బిన బ్యాటరీ, దానికి ఫాస్ట్ చార్జర్ పెట్టడం ప్రమాదం.

4:35కి ఫోన్ తీసి చూస్తే 40 శాతం. ల్యాప్‌టాప్ చార్జర్ దగ్గరే వదిలేసి ఉంటే 20కి అటూ ఇటూ ఆగేది. జిరాక్స్ షాపులోనే, ఫోన్ ముట్టుకోకుండా పెట్టినా 7 దాటేది కాదు. బ్యాటరీ సేవర్ ఆన్ చేసి, వెలుతురు తగ్గించి, హాట్‌స్పాట్ ఆపి చేతికిచ్చాను. ఆళ్లగడ్డ దాటాక పాటలు వినబుద్ధేస్తే ముందే దించుకున్నవి విను, వీడియోలు చూడకు అన్నాను. బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందని మళ్లీ అడిగాడు. ఏమీ వద్దన్నాను. ఇంటికి వెళ్లాక చార్జర్‌కీ దాని కేబుల్‌కీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేసి, మీద మార్కర్‌తో ఫోన్ పేరు రాసి పెట్టుకోమని చెప్పాను. రాత్రి పదిన్నరకు మామ ఇంటి నుంచి మెసేజ్ పెట్టాడు, ఇంకా 22 ఉందని.